మెట్రో కార్డు ఆటో రీలోడ్, బైక్ పాస్, క్యాబ్ పాస్: ఎప్పుడు, ఎలా ఆపాలి

అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జాబ్ మారేవాళ్ళు, లేదా ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే, బ్యాంక్ కార్డు క్లోజ్ చేసేస్తే, దాని నుంచి మెట్రో కార్డులోకి డబ్బులు వాటంతటవే పడే ఈ ఆటో రీలోడ్ కూడా ఆగిపోతుంది కదా అని. ఆగదండీ, పైగా ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

ఆటో రీలోడ్ ఎక్కువగా తేదీని బట్టి కాదు, బ్యాలెన్స్ ని బట్టి నడుస్తుంది. ఉదాహరణకి 10 డాలర్ల కిందకి దిగితే 20 వేయమని పెట్టుకున్నారు అనుకోండి. ఇప్పుడు కార్డులో 11.50 ఉంది, ఇంకో రెండు రోజులే కదా తిరిగేది, వెళ్ళేముందు ఆపుదాంలే అనుకుని గేటు దగ్గర ట్యాప్ చేశారు, 2.50 పోయి 9 అయింది, వెంటనే 20 పడి 29 అయి కూర్చుంది. ఊరు వదిలే మనిషికి ఆ 29 ఎందుకు? చాలా చోట్ల రీఫండ్ కి ఫారం, ఎదురుచూపులు, కొన్నిచోట్ల ఫీజు కూడా. కాబట్టి బ్యాలెన్స్ ఇంకా ఆ గీత పైన ఉండగానే ఆపేయాలి, తర్వాత మిగిలింది తిరుగుతూ ఖర్చు పెట్టుకోవచ్చు.

ఆపే చోటు ట్రాన్సిట్ వాళ్ళ సైట్ లో మీ అకౌంట్ లోపల, ఆ కార్డు నంబర్ కింద ఉంటుంది. ఇద్దరికి రెండు కార్డులు ఒకే లాగిన్ లో ఉంటే రెండూ విడివిడిగా ఆపాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఇంకో సంగతి, కొన్ని పాత సిస్టమ్స్ లో బ్యాలెన్స్, రీలోడ్ సెట్టింగ్ రెండూ కార్డు చిప్ లోనే ఉంటాయి, అలాంటి చోట మీరు సైట్ లో ఆపినా ఆ మార్పు గేటు రీడర్లకి చేరి, మీరు ట్యాప్ చేసినప్పుడే కార్డు మీదకి ఎక్కుతుంది, అందుకే వెళ్ళే రోజు పొద్దున కాకుండా ఒక వారం ముందే చేసుకోండి. లెక్కంతా సర్వర్ లో ఉండే కొత్త సిస్టమ్స్ లో ఈ బాధ తక్కువ.

ఇక బ్యాంక్ కార్డు ముందే క్లోజ్ చేస్తే ఏమవుతుందంటే, రీలోడ్ రిక్వెస్ట్ వెళ్తుంది, బ్యాంక్ డిక్లైన్ చేస్తుంది, ఆ బాకీ తీర్చేదాకా ట్రాన్సిట్ వాళ్ళు కార్డునే బ్లాక్ చేయొచ్చు, అందులో ఉన్న మీ డబ్బులతో సహా. పోనీ కొత్త నంబర్ తో కార్డు మార్పించుకుంటే తప్పుతుందా అంటే అదీ గ్యారంటీ లేదు, వీసా, మాస్టర్ కార్డ్ రెండిటికీ కొత్త నంబర్ ని వ్యాపారులకి పంపే అప్‌డేటర్ సర్వీసులు ఉన్నాయి, మీకు తెలియకుండానే కొత్త కార్డు మీద ఛార్జ్ పడొచ్చు.

బైక్ షేరింగ్ పాస్ సంగతి వేరు, ఇది తేదీని బట్టి రెన్యూ అవుతుంది. యాప్ డిలీట్ చేయడం అంటే మెంబర్షిప్ క్యాన్సిల్ చేయడం కాదు. ముందు ఆఖరి రైడ్ నిజంగా ముగిసిందో లేదో రైడ్ హిస్టరీలో చూడండి, డాక్ లో బైక్ సరిగ్గా లాక్ కాకపోతే రైడ్ తెరిచే ఉంటుంది, నిమిషాల లెక్కన బిల్లు నడుస్తూనే ఉంటుంది. క్యాన్సిల్ చేశాక మామూలుగా కట్టిన గడువు వరకు వాడుకోవచ్చు, మిగిలిన నెలలకి డబ్బులు వెనక్కి రావు. నెలనెలా కట్టే ఏడాది ప్లాన్ అయితే కన్‌ఫర్మ్ నొక్కేముందు ఏడాది పూర్తయ్యేదాకా కట్టాలన్న షరతు ఉందేమో చదవండి.

క్యాబ్ పాసులు అన్నిటికంటే జిడ్డు. 2025 ఏప్రిల్ లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఊబర్ వాళ్ళ పాస్ అయిన ఊబర్ వన్ విషయంలో ఊబర్ మీద కేసు వేస్తూ, క్యాన్సిల్ చేయడానికి ఒక్కోసారి 23 స్క్రీన్లు దాటి 32 పనులు చేయాల్సి వస్తోందని ఆరోపించింది, కంపెనీ ఒప్పుకోలేదు అనుకోండి. మీరు చేయాల్సిందల్లా రెన్యూవల్ తేదీకి కనీసం నాలుగైదు రోజుల ముందే మొదలుపెట్టడం, మధ్యలో డిస్కౌంట్ ఇస్తాం, పాజ్ చేసుకోండి అని వచ్చే స్క్రీన్లలో ఆగిపోకుండా "ఫలానా తేదీతో ముగుస్తుంది" అని కనిపించేదాకా వెళ్ళడం, ఆ స్క్రీన్ షాట్ తీసుకోవడం. పాస్ ని ఆపిల్ యాప్ స్టోర్ ద్వారా గానీ ప్లే స్టోర్ ద్వారా గానీ కొని ఉంటే క్యాబ్ యాప్ లో బటన్ కోసం వెతకొద్దు, అది స్టోర్ సబ్‌స్క్రిప్షన్స్ లోనే ఉంటుంది.

ఇవన్నీ అయ్యేదాకా అమెరికా ఫోన్ నంబర్ ఉంచుకోండి, ఓటీపీలు దానికే వస్తాయి. ఆఫీసు ద్వారా ప్రీ ట్యాక్స్ కమ్యూటర్ డబ్బులు, అంటే ట్యాక్స్ పడకముందే జీతంలోంచి ప్రయాణాలకి పక్కన పెట్టేవి, కార్డుకి పడుతుంటే దాన్ని ట్రాన్సిట్ సైట్ లో కాదు, ఆఫీసు బెనిఫిట్స్ పోర్టల్ లోనే ఆపాలి. అక్కడ వచ్చే నెలకి కటాఫ్ మామూలుగా ఈ నెలలోనే ఉంటుంది, జాబ్ వదిలాక మిగిలిన ప్రీ ట్యాక్స్ డబ్బు మీ చేతికి తిరిగి రాదు.