పొలం ఒడిశాలో, ఇల్లు ఆంధ్రాలో: రోబో లోరా సిగ్నల్‌కి ఎవరి పర్మిషన్?

ప్రశ్న: మా పొలం పర్లాకిమిడి పక్కన, ఇల్లు పాతపట్నంలో. కలుపు తీసే రోబోకి 433 మెగాహెర్ట్జ్ లోరా రేడియో మాడ్యూల్ పెట్టి నేల తేమ రీడింగులు ఇంటికి తెచ్చుకుంటున్నాను. రెండు రాష్ట్రాల లైసెన్సూ కావాలంటున్నారు సార్, నిజమేనా?

జవాబు: రాష్ట్రాల సంగతి వదిలేయండి. వైర్‌లెస్ రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉంది, కాబట్టి మీ సిగ్నల్ మహేంద్రతనయ దాటినా భువనేశ్వర్‌కో అమరావతికో అర్జీ పెట్టే పని లేదు.

మీకు చిక్కు ఆ 433 దగ్గరే. ఆ బ్యాండ్‌లో లైసెన్స్ మినహాయింపు ఇండోర్ వాడకానికి, 10 మిల్లీవాట్లకి, 10 కిలోహెర్ట్జ్ వెడల్పుకి మాత్రమే. లోరా మామూలుగా 125 కిలోహెర్ట్జ్ వాడుతుంది, పైగా మీది ఆరుబయట పొలం, అంటే పవర్ ఎంత తగ్గించినా మినహాయింపులోకి రాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్ముతున్నారంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు కదా!

లైసెన్స్ లేకుండా వాడుకోదగ్గది 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్. అక్కడ ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, యాంటెన్నాతో కలిపి బయటికి పోయేది 4 వాట్లు, వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. అందుకని 250, 500 సెట్టింగుల జోలికి పోకండి. మాడ్యూల్, యాంటెన్నా రెండూ మార్చాలి, కోడ్‌లో అంకె ఒక్కటి మారిస్తే చాలదు. శాంపిల్ కోడ్‌లలో తరచూ కనిపించే 868E6 అలాగే ఉంచేస్తే సిగ్నల్ సరిగ్గా హద్దు మీద కూర్చుని సగం అవతలికి పోతుంది, మన పొలం గట్టు తగాదాలాగే. ఇలా పెట్టండి:

```
LoRa.begin(865062500);
LoRa.setSignalBandwidth(125E3);
LoRa.setTxPower(17);
```

17 డీబీఎం అంటే సుమారు 50 మిల్లీవాట్లు. దానికి 5 డీబీఐ యాంటెన్నా కలిపినా లెక్కకి సుమారు 160 మిల్లీవాట్లే, 4 వాట్లకి చాలా దూరం. రేంజ్ చాలకపోతే పవర్ పెంచేముందు డాబా మీద యాంటెన్నాని చెట్ల కంటే ఎత్తుకి లేపి చూడండి.

కొనేటప్పుడు ఆ మోడల్‌కి ఈటీఏ, అంటే వైర్‌లెస్ పరికరానికి కేంద్రం ఇచ్చే ఆమోదం, ఉందా అని అమ్మేవాణ్ణి అడిగి, సర్టిఫికెట్ కాపీ, బిల్లు దాచుకోండి. విదేశీ సైట్‌లో మీరే తెప్పించుకుంటే దిగుమతిదారు మీరే, కస్టమ్స్ వాళ్లు ఈటీఏ అడిగేది మిమ్మల్నే.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఈ మినహాయింపులో మీ సిగ్నల్‌కి రక్షణ లేదు. పక్కవాళ్ల పరికరం వల్ల మీ రీడింగులు ఆగినా ఫిర్యాదు నిలవదు, మీ వల్ల లైసెన్స్ ఉన్నవాళ్లకి ఇబ్బందైతే మాత్రం ఆపాల్సింది మీరే. కాబట్టి లోరాని రీడింగులకే ఉంచి, రోబోని ఆపే ఏర్పాటు రోబోలోనే పెట్టండి. సిగ్నల్ అందక అది పక్కవాళ్ల వంగతోట తొక్కేస్తే, 'లింక్ పోయిందండీ' అన్న మీ జవాబు నష్టపరిహారం కేసులో నిలబడదు.