మిర్చి సాగు సైట్‌కు పైసా ఖర్చు లేకుండా కీవర్డ్స్ ఎట్లా పట్టాలి?

"అన్నా, మాది నర్సంపేట దగ్గర. మిర్చి సాగు మీద తెలుగుల ఒక సైట్ పెడుతున్న. చేతిల రెండు వేలున్నయి, అవి డొమైన్‌కు, హోస్టింగ్‌కే సరిపోతయి. పెయిడ్ టూల్స్ కొనకుండ, గూగుల్‌ల టైప్ చేస్తే కిందికి వచ్చే సజెషన్లతోటి కీవర్డ్ రీసెర్చ్ అయితదా? ఏ వరుసల చేయాలె?"

అవుతుంది. తెలుగు సైట్‌కైతే పెయిడ్ టూల్స్ కన్నా సజెషన్లే ఎక్కువ పనికొస్తాయి. ఆ టూల్స్‌లో ఇంగ్లిష్ మాటల లెక్కలు బాగానే దొరుకుతాయి కానీ, "మిర్చిలో కింది ముడత" లాంటి మాట కొడితే చాలాసార్లు సున్నానో ఖాళీనో చూపిస్తాయి. గూగుల్ సజెషన్లు జనం నిజంగా వెతికినవాటి నుంచే వస్తాయి. అందుకే ఒక మాట టూల్‌లో సున్నా ఉండి సజెషన్‌లో కనిపిస్తే, నేను సజెషన్‌నే నమ్ముతాను.

ముందు విత్తనం లాంటి మాటలు రాసుకోండి. మీరు "మిర్చి" అంటారు, పుస్తకాల్లో "మిరప" అని ఉంటుంది, ఫోన్‌లో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలతో `mirchi`, `mirapa` అని కొడతారు. ఈ నాలుగింటికీ సజెషన్లు వేరువేరుగా వస్తాయి కాబట్టి నాలుగూ విడివిడిగా చూడాలి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చేయండి. లేకపోతే మీరు నిన్న వెతికిన మాటలే మళ్ళీ మీకు ఎదురొచ్చి, అందరూ వెతికేవి అనిపిస్తాయి.

ఉత్త "మిర్చి" అని కొడితే చెత్త ఎక్కువ వస్తుంది: బజ్జీ, రేడియో, సినిమా పాటలు. సాగు మాటలు బయటికి రావాలంటే విభక్తి తగిలించాలి. "మిర్చిలో" అంటే తెగుళ్ళు, పురుగులు, కలుపు వైపు పోతుంది. "మిర్చికి" అంటే ఎరువులు, మందుల వైపు. "మిర్చి పంట", "మిర్చి తోట", "మిర్చి నారు" అంటే మళ్ళీ వేరే జాబితాలు. "మిర్చిలో" అని కలిపి రాసినప్పుడు ఒకటి, "మిర్చి లో" అని విడదీసినప్పుడు ఇంకొకటి రావచ్చు, రెండూ చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో `mirchi lo` కొట్టి, ఖాళీ వదిలి, a నుంచి z దాకా ఒక్కో అక్షరం వేయండి. తెలుగు లిపిలో అక్షరమాల మొత్తం తిప్పాల్సిన పని లేదు. ఎప్పుడు, ఎందుకు, ఎలా, ఎంత, ఎకరానికి, మందు, నివారణ, తేడా అనే మాటలు చాలు. చివర్లో కర్సర్‌ను వెనక్కి తెచ్చి మాట ముందు పెట్టి, అక్కడ "ఎకరానికి" అని టైప్ చేసి చూడండి. ముందు మాట మారితే జాబితా కూడా మారుతుంది.

ఒక్కొక్కటి చూసి రాసుకోవడం విసుగనిపిస్తే ఈ అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరవండి. సజెషన్లన్నీ ఒకేచోట అక్షరాలుగా వస్తాయి, లేదా చిన్న ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతాయి, అక్కడి నుంచి కాపీ చేసుకోవచ్చు:

```
https://suggestqueries.google.com/complete/search?client=firefox&hl=te&gl=in&q=mirchi+lo
```

చివర `&ds=yt` చేర్చితే యూట్యూబ్ సజెషన్లు వస్తాయి. తెలుగు అక్షరాల బదులు `\u0c2e` లాంటి కోడ్ కనిపిస్తే అదే అడ్రస్‌ను ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి చూడండి, మామూలుగా కనిపించవచ్చు. ఇది గూగుల్ అధికారికంగా ఇచ్చిన సేవ కాదు. గబగబా వందలసార్లు కొడితే కాసేపు ఆపేస్తుంది కాబట్టి నిదానంగా, చేత్తోనే చేయండి. వచ్చినవాటిని గూగుల్ షీట్‌లో మొదటి నిలువు వరుసలో A2 నుంచి కిందికి పేర్చి, పక్కన `=SORT(UNIQUE(A2:A))` వేస్తే రెండుసార్లు వచ్చినవి పోతాయి. స్పెల్లింగ్ మాత్రం సరిచేయకండి. రైతు `mudatha` అని కొట్టినా `mudata` అని కొట్టినా ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

ఇప్పుడు ఆ జాబితాను పేజీలుగా విడగొట్టాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి ఒక్క ఉదాహరణను పూర్తిగా చూద్దాం. మీ షీట్‌లో "మిర్చిలో తామర పురుగు నివారణ", "మిర్చి ఆకు ముడత మందు", "పై ముడత కింది ముడత", `mirchi lo mudatha mandu` లాంటివి ఉన్నాయనుకోండి. చూడటానికి ఒకే సంగతిలా ఉంటాయి. కానీ పురుగు పేరు కొట్టిన మనిషికి రోగమేంటో ముందే తెలుసు, మందు కావాలి. "ముడత" అని కొట్టిన మనిషి చేలో ఆకు చూసి, అదేంటో తెలియక వెతుకుతున్నాడు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకొని తిరగేసిన పడవలా అయి, కాడ సాగితే నల్లి. ఆకులు చిన్నవై గుబురుగా వచ్చి మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మూడింటికీ చేయాల్సింది వేరు. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. అంటే "ముడత" మాటలకు రాయాల్సింది ఫోటోలతో గుర్తుపట్టే పేజీ, "తామర పురుగు నివారణ"కు రాయాల్సింది వేరే పేజీ.

ఈ విభజన సరైందో కాదో గూగుల్‌నే అడగొచ్చు. రెండు మాటలను రెండు ట్యాబుల్లో వెతికి మొదటి పది ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగో అంతకన్నా ఎక్కువో లింకులు రెండింట్లోనూ ఉంటే గూగుల్ దృష్టిలో అది ఒకే ప్రశ్న, మీకూ ఒకే పేజీ చాలు. ఒకటీ రెండో మాత్రమే కలిస్తే విడిగా రాయండి. ఇంగ్లిష్ అక్షరాల మాటకూ తెలుగు లిపి మాటకూ ఇదే పరీక్ష. `mirchi lo` అని కొట్టినా తెలుగు లిపి పేజీలే పైన వస్తుంటే రెండో పేజీ రాయడం శ్రమ దండగ. పేజీ అడ్రస్ మాత్రం `pai-mudatha-kindi-mudatha` అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు `%E0%B0` అంటూ గజమంత కోడ్‌గా మారొచ్చు, అది చూసి నొక్కడానికి జనం జంకుతారు.

తర్వాత ఆ పది ఫలితాలను తెరిచి చదవాలి. కొత్త సైట్‌కు చోటు ఉందా లేదా అని ఏ టూల్ ఇచ్చే అంకె కన్నా మీ కళ్ళే బాగా చెప్తాయి. పాత వార్తా కథనంలో ముడత గురించి ఒక్క పేరా ఉండటం, స్కాన్ చేసిన పీడీఎఫ్ పైన నిలబడటం, అడిగింది ఒకటైతే పేజీలో "మిర్చిలో అన్ని తెగుళ్ళు" అని ఇరవై ఉండటం, పై ముడత, కింది ముడత ఫోటోలు పక్కపక్కన ఎక్కడా లేకపోవడం: ఇవన్నీ ఖాళీ ఉందనడానికి గుర్తులు. మొదటి తెర నిండా వీడియోలే ఉంటే ఆ మాట పక్కన షీట్‌లో "వీడియో" అని రాసి ప్రస్తుతానికి వదిలేయండి. రాసిన పేజీ ఎంత బాగున్నా అక్కడ కిందికే పోతుంది.

"వరంగల్ మిర్చి ధర ఈరోజు" మీద మనసు పడకండి. సజెషన్లలో అదే ముందు కనిపిస్తుంది, వెతికేవాళ్ళూ ఎక్కువే. కానీ ఎనుమాముల మార్కెట్ ధరను పత్రికలు, యూట్యూబ్ ఛానళ్ళు రోజూ పెడతాయి, నిన్నటి పేజీకి ఇవాళ విలువ ఉండదు. దానికి బదులు ఆ ధరల పట్టికలో కనిపించే మాటలను పట్టుకోండి. తేజ, వండర్ హాట్, 341, చపాటా, తాలు అంటే ఏంటి, వాటి మధ్య తేడా ఏంటి, తాలుకు ధర ఎందుకు తగ్గుతుంది అన్నవి ఏడాదంతా పనికొచ్చే పేజీలు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరును వేరే రాష్ట్రాల వాళ్ళు కూడా వెతుకుతారు. దాన్ని విత్తనంగా పెట్టి మళ్ళీ ఒకసారి సజెషన్లు తీయండి.

గూగుల్ కీవర్డ్ ప్లానర్ దగ్గరికి ఇంత పని అయ్యాకే వెళ్ళండి. ప్రకటనలకు డబ్బు పెట్టకుండానే దాన్ని వాడొచ్చు, ప్రాంతం తెలంగాణ అని పెట్టుకోవచ్చు. ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో అడిగితే, డబ్బు ఖర్చు పెట్టని ఖాతాకు అది 10–100, 100–1K లాంటి శ్రేణులే చూపిస్తుంది. 10–100 అంటే పన్నెండూ కావచ్చు, తొంభై ఐదూ కావచ్చు; ఒకే శ్రేణిలో ఉన్న రెండు మాటల్లో ఏది పెద్దదో దాన్నిబట్టి తేల్చకండి. పక్కన "పోటీ" అని ఉండే నిలువు వరుసను చూసి చాలామంది మోసపోతారు. అది ప్రకటనలు వేసేవాళ్ళ మధ్య పోటీ. అక్కడ "తక్కువ" అని ఉన్నంత మాత్రాన మీ పేజీ పైకి రావడం తేలికని కాదు.

ఎప్పుడు రాయాలో గూగుల్ ట్రెండ్స్ చెప్తుంది. ప్రాంతం తెలంగాణ, కాలం ఐదేళ్ళు పెట్టండి. "కింది ముడత"కు డేటా చాలదని చెప్పే అవకాశమే ఎక్కువ కాబట్టి "మిర్చి పంట" లాంటి తల్లి మాట పెట్టి ఏ నెలల్లో లేస్తుందో చూడండి. ఆ గీతలో అంకెలు 0 నుంచి 100 మధ్య పోలికలే, ఎంతమంది వెతికారన్న లెక్క కాదు. దాన్ని మీ దగ్గరి పంట కాలంతో కలిపి చదవండి. నారు జూలై, ఆగస్టుల్లో పోస్తారు, తామర పురుగు బాధ పూత సమయంలో ముదురుతుంది, ఎనుమాములకు కాయ జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి. కొత్త సైట్ పేజీ గూగుల్‌లో కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే నారుమడి పేజీలు ఏప్రిల్, మే నెలల్లో, ముడత పేజీ ఆగస్టు లోపు పెట్టేయాలి. తెగులు వచ్చాక రాస్తే వచ్చే ఏడాదికే పనికొస్తుంది.

మందుల మోతాదుల విషయంలో ఒక మాట గట్టిగా చెప్తాను. "ఎన్ని ఎంఎల్" అనే సజెషన్లు బోలెడు వస్తాయి. డబ్బా మీది లేబుల్‌లో మిర్చికి అనుమతి ఉందో లేదో చూడకుండా, వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు చేతిలో లేకుండా ఒక్క అంకె కూడా రాయకండి. కీవర్డ్ ఎంత బాగున్నా సరే, పంట పోయేది రైతుది.

మొదట పది, పన్నెండు పేజీలు పెట్టి, మీ సైట్ ఏ వెతుకులాటలకు కనిపిస్తోందో గూగుల్ ఉచితంగా చూపే సెర్చ్ కన్సోల్‌లో మొదటి రోజే సైట్‌ను చేర్చండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒక్కో పేజీని ఎంచుకొని, ఏ మాటలకు అది కనిపిస్తోందో చూడండి. స్థానం 10 నుంచి 30 మధ్య ఉండి, ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో పేజీ కనిపించిన లెక్కలు, వస్తూ, పేజీలో మీరు వాడని మాట దొరికితే అదే మీ తర్వాతి ఉపశీర్షిక. ఇంగ్లిష్ అక్షరాలు ఉన్న మాటలు మాత్రమే కావాలంటే క్వెరీ ఫిల్టర్‌లో `Custom (regex)` ఎంచుకొని `[a-z]` అని ఇవ్వండి. మరీ తక్కువమంది వెతికిన మాటలను గూగుల్ దాచేస్తుంది కాబట్టి పట్టికలోని క్లిక్కులు కూడితే పైన చూపే మొత్తానికి సరిపోవు. అది మీ సైట్‌లో తప్పనుకొని కంగారుపడకండి. తెలుగు సైట్లలో ఆ తేడా పెద్దగానే ఉండొచ్చు.