ఫీడ్ కంపెనీ సేల్స్ ఉద్యోగం వద్దని కన్సల్టెన్సీ మేడమ్‌కి ఎలా చెప్పాలి?

ప్రశ్న: నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో నాలుగేళ్లుగా క్యూసీలో ఉన్నాను. ఒక కన్సల్టెన్సీ నుంచి మేడమ్ ఫోన్ చేసి, ఫీడ్ కంపెనీలో టెక్నికల్ సేల్స్ ఉద్యోగం ఉంది, చేస్తారా అన్నారు. బాగా మాట్లాడారు. నాకు ఆ పని వద్దు, కానీ రేపు ప్లాంట్‌లో మంచి క్యూఏ ఉద్యోగం వస్తే ఆవిడ నాకే ఫోన్ చేయాలి. ఏమని రిప్లై ఇవ్వాలి?

జవాబు:

నేనూ ప్లాంటు వాడినే. ఇప్పుడు క్యూఏ చూస్తున్నాను కాబట్టి మా హెచ్‌ఆర్‌తో పాటు నాకు కూడా కన్సల్టెన్సీల నుంచి షీట్లు వస్తుంటాయి. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

2019లో ఒక కన్సల్టెన్సీ ఆవిడ భీమవరం వైపు ప్లాంట్‌లో క్యూసీ ఉద్యోగం ఉందని ఫోన్ చేసింది. అప్పుడు మేం కోవూరులో ఉండేవాళ్లం. నాన్నకి డయాలసిస్. వారానికి రెండుసార్లు నెల్లూరు తీసుకెళ్లి తీసుకురావాలి. ఊరు వదిలే ప్రశ్నే లేదు. ఇంటి సంగతి కొత్త మనిషికి చెప్పడం ఎందుకులే అని, నోటికొచ్చింది అనేశాను: "జీతం సరిపోదండి." అక్కడితో అయిపోయింది అనుకున్నాను. నాలుగు రోజులకి మళ్లీ ఫోన్: "కంపెనీతో మాట్లాడి నెలకి 4,000 పెంచించానండి, ఎప్పుడు వస్తారు?" ఇక ఏం చెప్పాలి? "ఆలోచించి చెప్తా" అన్నాను. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాను. రెండేళ్లు ఆవిడ నుంచి మళ్లీ ఫోన్ రాలేదు. రాకపోవడంలో తప్పు లేదు. నా కోసం కంపెనీ దగ్గరకెళ్లి బేరమాడి, చివరికి మనిషిని తేలేకపోయింది.

మనం చెప్పిన కారణాన్ని ఎలా తీర్చాలా అని చూడటమే వాళ్ల పని. జీతం అంటే జీతం పెంచిస్తారు, దూరం అంటే రూము ఇప్పిస్తారు, నైట్ షిఫ్ట్ అంటే జనరల్ షిఫ్ట్ అడిగి చూస్తారు. కన్సల్టెన్సీకి డబ్బులిచ్చేది కంపెనీ. అదీ మనిషి చేరాకే, చాలా చోట్ల ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. చేరినవాడు మూడు నెలల్లోపు మానేస్తే బదులుగా ఇంకొకరిని ఉచితంగా వెతికి పెట్టాలనే షరతు కూడా మామూలే. అందుకే వద్దన్నారని వాళ్లకి కోపం రాదు. సగం మనసుతో సరేనని, చేరాక నెలకి మానేసేవాడంటేనే వాళ్లకి భయం. (అన్నట్టు, రిజిస్ట్రేషన్ ఫీజు అని మీ దగ్గరే డబ్బులు అడిగితే ఈ మర్యాదలేవీ అక్కర్లేదు, నంబరు బ్లాక్ చేయండి.)

ఇంకో సంగతి నాకు అనుకోకుండా తెలిసింది. ఒకసారి ఒక అమ్మాయి మాకు పంపాల్సిన లిస్టుకి బదులు పొరపాటున తన సొంత ఎక్సెల్ షీటు పంపింది. పేరు, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీసు, ఊరు, చివర్లో రిమార్క్స్ అని ఒక గడి. ఆ గడిలో ఒకరికి "ఇంట్రెస్ట్ లేదు" అని ఉంది. ఇంకొకరికి "ఫోన్ ఎత్తడు". మూడో అతనికి మాత్రం "సేల్స్ వద్దు, క్యూఏ అయితే ఓకే, ఒంగోలు దాకా వస్తాడు, 30 రోజులు" అని ఉంది. ఆరు నెలల తర్వాత క్యూఏ ఖాళీ వస్తే ఆ అమ్మాయి ముందు ఎవరికి ఫోన్ చేస్తుంది? మీ రిప్లై ఆ గడిలోకి ఏం ఎక్కాలో అది చెప్పేలా ఉండాలి. మీరు రాయకపోతే ఆవిడ తనకి తోచింది రాసుకుంటుంది.

ఆవిడ మీతో తెలుగులో మాట్లాడి ఉంటే తెలుగులోనే వాట్సాప్ చేయండి. మెయిల్ వచ్చి ఉంటే ఇదే విషయం ఇంగ్లీషులో పెట్టండి. మీ స్థానంలో నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే మేడమ్. ఉదయం మీరు చెప్పిన ఫీడ్ కంపెనీ టెక్నికల్ సేల్స్ ఉద్యోగం నాకు కుదరదండి. దయచేసి నా ప్రొఫైల్ కంపెనీకి పంపొద్దు. కారణం జీతం కాదు, నేను నాలుగేళ్లుగా ప్లాంటు లోపల క్యూసీ పనే చేశాను, చెరువుల మీద తిరిగే సేల్స్ వైపు వెళ్లదలుచుకోలేదు. గూడూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడైనా ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్యూఏ ఎగ్జిక్యూటివ్ గానీ, మైక్రో ల్యాబ్ గానీ వస్తే తప్పకుండా చెప్పండి. నోటీసు 30 రోజులు. డ్యూటీలో ఫోన్ లాకర్‌లో ఉంటుంది, సాయంత్రం 7 తర్వాత మాట్లాడగలను. ఫోన్ చేసినందుకు థ్యాంక్స్ మేడమ్."

అంతే. ఊళ్లు, నోటీసు రోజులు మీవి పెట్టుకోండి. ఇందులో "కారణం జీతం కాదు" అన్న మాట కావాలనే పెట్టాను, లేకపోతే రెండు రోజులకి పెంచిన జీతంతో ఫోన్ వస్తుంది. "సేల్స్ వైపు వెళ్లదలుచుకోలేదు" అన్నారు కాబట్టి ఆవిడ తీర్చగలిగింది ఇక ఏమీ ఉండదు, బేరం అక్కడితో ఆగిపోతుంది. ఆ పని తక్కువదన్నట్టు మాత్రం రాయొద్దు. అల్లూరు, విడవలూరు వైపు ఎండలో చెరువు గట్ల మీద తిరిగి, చెక్ ట్రేలు చూసి, రైతు దగ్గర బాకీ అడిగి తెచ్చుకోవడం మనం చేయలేని పని, అంతే.

ప్రొఫైల్ పంపొద్దు అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. మన వైపు అది ముఖ్యం. ఫీడ్ చేసే కంపెనీల్లో కొన్నింటికి సొంత ప్రాసెసింగ్ ప్లాంట్లూ ఉంటాయి. ఒక కన్సల్టెన్సీ మీ రెజ్యూమె ఒక కంపెనీకి పంపాక, కొన్ని నెలల పాటు మీరు ఆ కన్సల్టెన్సీ తెచ్చిన మనిషిగానే అక్కడ లెక్కలో ఉంటారు. ఈలోపు అదే కంపెనీ ప్లాంట్‌లో క్యూఏ ఖాళీ పడి, మీరు ఫ్రెండ్ ద్వారా నేరుగా అప్లై చేస్తే, ఫీజు ఎవరికి ఇవ్వాలో తేలక హెచ్‌ఆర్ మీ కాగితం పక్కన పెట్టేయొచ్చు. పైగా అక్కడ మీ పేరు సేల్స్ కింద నమోదై ఉంటుంది. ఆవిడ ఇప్పటికే పంపేసి ఉంటే గొడవ పడకండి, "ఏ కంపెనీకి పంపారో పేరు చెప్పండి మేడమ్, వెనక్కి తీసుకోండి" అని అడగండి చాలు.

జీతం అంకె నేను మెసేజ్‌లో పెట్టలేదు. వద్దన్న ఉద్యోగానికి అంకెతో పని లేదు, కానీ ఒకసారి రాస్తే అది షీటులో ఉండిపోతుంది. ఏడాది తర్వాత మీకు ఇంక్రిమెంట్ వచ్చినా ఆవిడ పాత అంకెతోనే మొదలుపెడుతుంది. ఫోన్‌లో ఇప్పటి జీతం అడిగితే మాత్రం ఉన్నదే చెప్పండి, ఎలాగూ చివర్లో మూడు నెలల పేస్లిప్పులు అడుగుతారు.

రిప్లై వీలైతే ఆ రోజు సాయంత్రమే ఇచ్చేయండి, కాకపోతే మర్నాడు. మన పనిలో ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరని ఆవిడకి తెలియకపోవచ్చు. మూడు మిస్డ్ కాల్స్ చూసి ఎత్తడం లేదనుకుంటుంది. ఎండాకాలం పట్టుబడుల సమయంలో ప్లాంటుకి సరుకు మీద పడితే మనకి తిండికే టైం ఉండదు, అప్పుడైనా "షిఫ్ట్‌లో ఉన్నాను, రేపు చెప్తాను" అని ఒక లైను కొట్టండి.

ఆవిడ "ఒక్కసారి ఇంటర్వ్యూకి వెళ్లి చూడండి, నచ్చకపోతే అప్పుడు వద్దనండి" అనే అవకాశం చాలా ఉంది. ఎందుకంటే కంపెనీకి ఇంతమందిని చూపించాలని వాళ్లకీ ఒక లెక్క ఉంటుంది. మొహమాటపడి వెళ్లకండి. "వెళ్లి వద్దంటే మీకే మాట వస్తుంది మేడమ్" అనండి. నేను ఇదే అన్నాను ఒకసారి, అవతల రెండు క్షణాలు ఏమీ వినపడలేదు, తర్వాత నవ్వి "నిజమేలెండి" అంది. ఇప్పటికే ఇంటర్వ్యూ తేదీ పడి ఉంటే మాత్రం మెసేజ్ చాలదు, ఫోన్ చేసి చెప్పాలి. ఆఫర్ చేతికొచ్చాక వద్దనడం వేరే వ్యవహారం, అక్కడ ఈ తియ్యటి మాటలు పెద్దగా పనిచేయవు.

సేల్స్ చేసే స్నేహితుడు ఉంటే ముందు అతన్ని అడిగి, అతనికి మేడమ్ నంబరు ఇవ్వండి. అడక్కుండా అతని నంబరు ఆవిడకి ఇవ్వకండి. అతని మేనేజర్ పక్కన కూర్చుని ఉన్నప్పుడు ఆ ఫోన్ వస్తే మీరే బద్నాం అవుతారు. 2022లో నాకూ ఇలాగే ఫీడ్ వైపు పిలుపొచ్చింది. వద్దని ఇందాకటి లాంటి మెసేజే పెట్టి, మా కోట కుర్రాడొకడికి ఆవిడ నంబరు ఇచ్చాను. వాడు చేరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఎనిమిది నెలల తర్వాత ఆవిడే ఫోన్ చేసి, "మీరు గూడూరు నుంచి ఒంగోలు దాకా అన్నారు కదా" అని నేను రాసిన మాటే నాకు చదివి వినిపించింది. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం అదే.

మధ్యలో ఆ ఎనిమిది నెలల్లో నేను ఆవిడకి పంపింది ఒకే మెసేజ్, హాసప్ ట్రైనింగ్ సర్టిఫికెట్ వచ్చినప్పుడు. కొత్త సర్టిఫికెట్, ప్రమోషన్, నోటీసు రోజులు మారడం లాంటివి ఆ గడిలో దిద్దాల్సిన సంగతులు, అవి పంపండి. గుడ్ మార్నింగ్ పూలు, సంక్రాంతి బొమ్మలు పంపితే మ్యూట్‌లో పెడతారు, నేనైనా అంతే చేస్తాను.

ఇంకో చిన్న పని ఉంది. మీ నౌక్రీ ప్రొఫైల్ హెడ్‌లైన్‌లో ఏముందో ఒకసారి చూడండి. "ఆక్వా ప్రొఫెషనల్" అని ఉంటే ఫీడ్ వాళ్లు, హేచరీ వాళ్లు, మందుల వాళ్లు అందరూ ఫోన్ చేస్తూనే ఉంటారు. "రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ క్యూఏ, క్యూసీ, హాసప్" అని మార్చి, ఇష్టమైన ఊళ్లలో నెల్లూరు, ఒంగోలు పెట్టండి. మేడమ్‌కి రిప్లై ఇచ్చిన రోజే మార్చేస్తే, ఆవిడ మళ్లీ వెతికినప్పుడు మెసేజ్‌లో చెప్పిందీ ప్రొఫైల్‌లో ఉన్నదీ ఒకటిగా కనిపిస్తాయి.