సగంలో ఆగిన జవాబును అతుకు లేకుండా కొనసాగించడం

ప్రశ్న: పదో తరగతి పిల్లల కోసం గోదావరి డెల్టా మీద 40 బిట్లు, చివర జవాబుల పట్టికతో సహా కావాలని ఏఐ చాట్ యాప్‌లో అడిగాను. 23వ బిట్టు మధ్యలో ఆగిపోయింది. ‘కంటిన్యూ’ అని కొడితే ‘తప్పకుండా’ అంటూ 20వ బిట్టు నుంచి మళ్లీ రాసింది. తర్వాత కూడా కొన్ని పాతవే వచ్చాయి. మళ్లీ మొదటికి వెళ్లకుండా ఆగిన చోటు నుంచే రాయించుకోవడం ఎలా? స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.
– ఒక ఉపాధ్యాయురాలు, రాజోలు

జవాబు: టీచర్ గారూ, జవాబు ఆగిన చోటి స్క్రీన్‌షాట్‌లో చివరి రెండు వరుసలు ఇవి:

```
23. వైనతేయ పాయ దేని నుంచి చీలింది?
ఎ) గౌతమి   బి) వశి
```

‘వశిష్ఠ’ అన్న మాట కూడా పూర్తి కాలేదు, తెర మీద ఎర్రర్ సందేశం ఏదీ లేదు. ఇలా మాట మధ్యలో నిశ్శబ్దంగా తెగితే అది చాలావరకు పొడవు పరిమితి వల్లే. ఏఐ యాప్‌లు ఒక్కో జవాబుకు ఇంత అని హద్దు పెట్టుకుంటాయి. ఆ హద్దును టోకెన్లు అనే చిన్న ముక్కల్లో లెక్కిస్తాయి. ఒకే విషయాన్ని ఇంగ్లిష్‌లో రాస్తే పట్టే ముక్కల కంటే తెలుగులో రాస్తే సాధారణంగా ఎక్కువ ముక్కలు పడతాయి. అందువల్ల ఇంగ్లిష్‌లో ఒకే విడతలో ముగిసే బిట్ల పట్టిక తెలుగులో సగంలోనే హద్దును తాకవచ్చు.

నెట్ పోయినప్పుడు కూడా జవాబు ఆగినట్లే కనిపిస్తుంది కాబట్టి, ఏదైనా టైప్ చేసే ముందు పేజీని ఒకసారి రిఫ్రెష్ చేసి చూడండి. అప్పుడు మొత్తం 40 బిట్లూ కనిపిస్తే జవాబు అవతల ఎప్పుడో పూర్తయిందన్నమాట. ఆ స్థితిలో ‘కంటిన్యూ’ అంటే అడగని 41వ బిట్టు మొదలుకావచ్చు. కొన్ని యాప్‌లలో ఆగిన జవాబు కిందనే కొనసాగించే బటన్ వస్తుంది. అది కనిపిస్తే టైప్ చేయడం కంటే దాన్ని నొక్కడమే మేలు, ఎందుకంటే అది సాధారణంగా అదే జవాబుకు తరువాయిని చేరుస్తుంది.

బటన్ లేనప్పుడు మీరు టైప్ చేసే ‘కంటిన్యూ’ ఆగివున్న యంత్రాన్ని తట్టి లేపదు. మొదటి జవాబు, సగమైనా సరే, వ్యవస్థ లెక్కలో ముగిసిపోయింది. మీ మాట అందగానే అది సంభాషణనంతా మొదటి నుంచి చదువుకుని ఇంకో కొత్త జవాబు మొదలుపెడుతుంది. సెలవు పెట్టిన టీచరు స్థానంలో వచ్చినవారు బోర్డు మీద ఉన్నది చూసి పాఠం అందుకోవడం వంటిదే ఇది. ఎక్కడ అందుకోవాలో చెప్పకపోతే వారు నాలుగు వరుసలు వెనక్కి వెళ్లి మొదలుపెడతారు. కొత్త జవాబు కనుకనే ముందు ఒక పలకరింపు, తర్వాత ఒక పరిచయ వాక్యం, ఆపైన సందర్భం కోసం పాత బిట్లు వచ్చి చేరాయి.

దీనికి విరుగుడు, అతుకు ఎక్కడ పడాలో మీరే నిర్ణయించి చెప్పడం. ‘వశి’ దగ్గర ఆగింది కదా, ‘ష్ఠ’ నుంచి రాయమని అడగవచ్చు అనిపిస్తుంది. వచనమైతే చివరి వాక్యాన్ని చూపించి అక్కడి నుంచి అందుకోమనడం చాలాసార్లు పనిచేస్తుంది గానీ, మాట మధ్య నుంచి, అందులోనూ ఒత్తక్షరం నుంచి, కొత్త జవాబు శుభ్రంగా మొదలవడం అరుదు. అంకెలు వేసిన బిట్ల విషయంలో నా సలహా ఒక్కటే: సగంలో ఉన్న 23వ బిట్టును మీ ఫైలులోంచి పూర్తిగా తీసేసి, దాన్ని మొదటి నుంచి రాయించుకోండి. అప్పుడు టైప్ చేయవలసింది ఇంతే:

```
22వ బిట్టు వరకు నా దగ్గర ఉన్నాయి. సగంలో ఆగిన 23ని తీసేశాను.
23ను మొదటి నుంచి రాసి 40 వరకు కొనసాగించు.
1 నుంచి 22 వరకు ఉన్నవాటిని, వాటి జవాబులను మళ్లీ అడగవద్దు.
పలకరింపు, పరిచయం వద్దు. నీ జవాబు "23." తో మొదలు కావాలి.
జవాబుల పట్టిక ఇప్పుడు వద్దు.
```

చివరి వరుస ఎందుకో చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. 23వ బిట్టును తిరిగి రాసేటప్పుడు ఆప్షన్ల వరుస మారవచ్చు. మొదటిసారి ‘బి’లో ఉన్న వశిష్ఠ రెండోసారి ‘ఎ’లోకి వచ్చిందనుకోండి. మీరు పాత సగానికి కొత్త సగాన్ని అతికించి ప్రశ్నపత్రంలో వశిష్ఠను ‘బి’గానే ఉంచితే, ఏఐ తన రెండో రాతను బట్టి పట్టికలో ‘ఎ’ అని వేస్తుంది. చదివితే రెండూ విడివిడిగా సరిగ్గానే ఉంటాయి. తప్పు పేపర్లు దిద్దేటప్పుడే బయటపడుతుంది, అదీ సరిగ్గా రాసిన పిల్లలకు మార్కు పోయాక. అందుకని 40 బిట్లూ ఒకే ఫైలులో స్థిరపడ్డాక, ఆ ఫైలునంతా అతికించి, దాన్ని బట్టే పట్టిక తయారు చేయమని వేరేగా అడగండి. వచ్చిన పట్టికను మీరు ఒకసారి సరిచూడక తప్పదు.

తర్వాత వచ్చిన పాత బిట్ల సంగతి వేరు. అతుకు దగ్గర పునరుక్తి అంకె చూస్తే దొరికిపోతుంది, ఇది దొరకదు, మాటలు మార్చుకుని వస్తుంది. మీ స్క్రీన్‌షాట్లలోనే 7వ బిట్టు ‘ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఎవరి ఆధ్వర్యంలో జరిగింది?’ అని ఉంటే, 31వది ‘1852లో పూర్తయిన గోదావరి ఆనకట్టకు సారథ్యం వహించిన ఇంజనీరు ఎవరు?’ అని ఉంది. రెండింటికీ జవాబు ఆర్థర్ కాటనే. పైగా రెండో బిట్టులో ఉన్న సంవత్సరం, ఆనకట్ట ఎప్పుడు పూర్తయిందని అడిగే మీ 12వ బిట్టుకు జవాబును బయటపెట్టేస్తోంది. ఇలాంటివి పట్టుకోవాలంటే ప్రశ్నలను కాక జవాబులను చూడాలి. బిట్లను ఎక్సెల్ షీటులో వేసి, సరైన జవాబును అక్షరం బదులు మాటలోనే ఒక నిలువు వరుసలో రాసి, ఆ నిలువు వరుసను బట్టి షీటునంతా అక్షరక్రమంలో సార్ట్ చేస్తే ‘కాటన్’లన్నీ పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి.

కొత్త జవాబు కూడా మళ్లీ 34 దగ్గర ఆగితే ఇదే పద్ధతిలో అంకెలు మార్చి అడగండి. అయితే అలా మూడు నాలుగు విడతలు సాగాక, మీరు మొట్టమొదట చెప్పిన ‘పదో తరగతి స్థాయి’ వంటి షరతులు పట్టు సడలడం, బిట్లు మరీ తేలికగానో మరీ కష్టంగానో మారడం కనిపించవచ్చు. సంభాషణ పెరిగేకొద్దీ తొలి సూచనకు ప్రాధాన్యం తగ్గవచ్చు. యాప్ ఒకేసారి చదవగల పరిమాణాన్ని దాటితే ఆ సూచన దాని కంటికి అసలు కనిపించకుండానే పోవచ్చు. ఆ లక్షణం కనబడగానే కొత్త చాట్ తెరిచి, మొదటి సూచనను, అప్పటివరకు వచ్చిన ప్రశ్నలను (ఆప్షన్లు అక్కర్లేదు, జవాబు ఒక్క మాటలో ఉంటే చాలు) అతికించి, మిగిలిన అంకెలు మాత్రమే అడగండి.

వచ్చే యూనిట్‌కు బిట్లు తయారు చేసేటప్పుడు మొదటే పది చొప్పున అడిగితే ఈ అతుకుల బెడద చాలావరకు ఉండదు. అప్పుడు కూడా ప్రతి విడతకూ వెనకటి జవాబుల జాబితాను జతచేయవలసిందే.