ఫ్రెంచ్‌లో లియేజోఁ: ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు

సార్, నేను బీకామ్ ఫైనలియర్ చదువుతున్నాను. ఫ్రెంచ్ బీ1 అయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు ఫ్రెంచ్ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు. గ్రామర్ బాగుంది, లియేజోఁలు తప్పుతున్నాయి, మూడు నెలలాగి మళ్లీ రండి అన్నారు. లియేజోఁ అంటే, తర్వాతి పదం అచ్చుతో మొదలైతే ముందు పదం చివర మూగగా ఉండే హల్లును పలకడమని నేర్చుకున్నాను, అన్నిచోట్లా అలాగే పలికాను. మరి తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని, విజయవాడ

తప్పు ఆ ‘అన్నిచోట్లా’ అన్నచోటే ఉందమ్మా. మీరు నేర్చుకున్నది సగం సూత్రం. తర్వాతి పదం అచ్చుతో మొదలవడం ఒక షరతు మాత్రమే. ఆ రెండు పదాలూ వాక్యంలో విడదీయరాని జంట అయివుండాలన్నది రెండో షరతు. ఆర్టికల్, దాని నామవాచకం. సర్వనామం, దాని క్రియ. విశేషణం, దాని వెనకే వచ్చే నామవాచకం. ‘షే’, ‘దాఁ’ లాంటి చిన్న విభక్తి మాట, దాని తర్వాతి పదం. ఇలాంటి జంటల్లో హల్లు పలికి తీరాలి. జంట కానిచోట హల్లూ అచ్చూ పక్కపక్కన కనిపించినా కలపనక్కర్లేదు, కొన్నిచోట్ల కలపనే కూడదు. మీ ఇంటర్వ్యూలో వినిపించిన తప్పులు ఎక్కువగా అలా అదనంగా కలిపినవే అయివుంటాయి.

ముందుగా ఒక మాట. ఫ్రెంచ్ ముక్కు ధ్వనులకు ఇక్కడ అరసున్న వాడుతున్నాను. తెలుగు లిపి ఈ ధ్వనులను దగ్గరదగ్గరగా మాత్రమే చూపిస్తుంది. అసలు ధ్వని ఆడియోలో వినాల్సిందే.

పాత ఫ్రెంచ్‌లో పదాల చివరి హల్లులు పలికేవారు. కాలక్రమంలో అవి రాలిపోయాయి. గట్టిగా అతుక్కుని ఉండే పదాల మధ్య, అదీ వెనక అచ్చు ఉన్నప్పుడు మాత్రం, నిలిచాయి. లియేజోఁ అంటే అలా మిగిలిన హల్లే. అందుకే స్పెల్లింగ్ ఒక్కటే చూసి దీన్ని తేల్చలేం, వ్యాకరణ సంబంధం కూడా చూడాలి.

ఇంటర్వ్యూలో మొదట అడిగేది స్వపరిచయమే కాబట్టి దాన్నే తీసుకుందాం. ‘నాకు 21 ఏళ్లు’ అనడానికి ఫ్రెంచ్‌లో మూడు ముక్కల సంఖ్య, దాని వెనక ఏళ్లు అనే పదం వస్తాయి. విడివిడిగా పలికితే ‘వ్యాఁ’, ‘ఎ’, ‘అఁ’, ‘ఆఁ’. కలిపి పలికితే ‘వ్యాఁ-తే-అఁ-నాఁ’. ఇరవై అనే మాట చివర మూగగా ఉండే టి ఇక్కడ పలికింది, ఎందుకంటే అది సంఖ్యలో భాగం. తర్వాత వచ్చే ‘ఎ’ అంటే ‘మరియు’. దాని స్పెల్లింగ్‌లోనూ చివర టి ఉంది, దాని వెనకా అచ్చే ఉంది. అయినా ఆ టి ఎప్పుడూ పలకదు. ఈ ఒక్క మాటకు మినహాయింపు లేదు. ఆ తర్వాత ‘ఒకటి’ చివరి ఎన్ ‘ఏళ్లు’తో కలిసి ‘అఁ-నాఁ’ అయింది. నాలుగు పదాల్లో కలపాల్సినవి రెండు, కలపకూడనిది ఒకటి. మీరు ఇక్కడ ‘వ్యాఁ-తే-తఁ-నాఁ’ అని ఉంటే, అవతల వినేవారికి మొదటి అర నిమిషంలోనే తెలిసిపోతుంది.

తర్వాతి వాక్యం ‘మా అమ్మానాన్నలు తిరుపతిలో ఉంటారు’ అనుకోండి. ‘మె పరాఁ | అబిత్ ఆ తిరుపతి’. తల్లిదండ్రులు అనే మాట చివర బహువచనపు ఎస్ ఉంది, ‘అబిత్’ అచ్చుతో మొదలవుతోంది. కానీ కర్తగా ఉన్న నామవాచకానికీ క్రియకూ మధ్య లియేజోఁ చెయ్యరు. ‘పరాఁజాబిత్’ అంటే తప్పు. అదే కర్త స్థానంలో సర్వనామం పెట్టి ‘వాళ్లు ఉంటారు’ అంటే ‘ఇల్‌జాబిత్’ అనే తీరాలి. అర్థం దాదాపు అదే, అదే ఎస్, అదే క్రియ. నామవాచకం కాస్తా సర్వనామం అయ్యేసరికి ఫలితం తారుమారైంది. ఈ జతను రోజూ నాలుగైదు క్రియలతో నోటికి పట్టించుకోండి. మిగతా సూత్రాలకన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

‘వాళ్లకు చిన్న లాడ్జి ఉంది’ అన్న వాక్యం చూడండి: ‘ఇల్‌జోఁ అఁ పెతితోతెల్’. ‘ఇల్‌జోఁ’ అంటే వాళ్లకు ఉంది. ‘ఇల్‌సోఁ’ అంటే వాళ్లు ఉన్నారు, అంటే వేరే క్రియ. జ, స మధ్య తేడానే రెండు క్రియలను వేరు చేస్తోంది. ఇక ‘పెతి’ చివరి టి ‘ఒతెల్’తో కలిసింది, ఎందుకంటే విశేషణం నామవాచకం ముందు వచ్చింది. ఫ్రెంచ్‌లో చాలా విశేషణాలు నామవాచకం వెనక వస్తాయి, మనవాళ్లు పొరబడేది అక్కడే. ‘ఒక ఇంగ్లిష్ కస్టమర్’ అంటే ‘అఁ క్లియాఁ ఆఁగ్లె’. క్లయింట్ అనే మాట చివర టి ఉన్నా, ఏకవచన నామవాచకం తర్వాత వచ్చే విశేషణంతో దాన్ని కలపరు. ‘క్లియాఁతాఁగ్లె’ అనకండి.

కలిసేటప్పుడు కొన్ని హల్లుల ధ్వని కూడా మారుతుంది. ఎస్, ఎక్స్ రెండూ ‘జ’ అవుతాయి. డి మాత్రం ‘ద’లా కాక మన ‘త’కు దగ్గరగా పలుకుతుంది. పెద్ద హోటల్ అంటే ‘గ్రాఁతోతెల్’, ‘గ్రాఁదోతెల్’ కాదు.

మరో చిక్కు హెచ్. ఫ్రెంచ్‌లో హెచ్ పలకదు, కానీ రెండు రకాల హెచ్‌లున్నాయి. హోటల్, మనిషి, గంట లాంటి మాటల్లో హెచ్ లేనట్టే లెక్క, కాబట్టి ‘లెజోతెల్’ అంటాం. చిక్కుడు జాతి గింజల మాట ‘అరికో’, వీరుడు అనే మాట ‘ఎరో’ లాంటి వాటిలో హెచ్ వినబడకుండానే అడ్డుగోడలా నిలబడుతుంది. అక్కడ ‘లె అరికో’, ‘లె ఎరో’ అని విడిగా అనాలి. పొరపాటున ‘లెజెరో’ అంటే సున్నాలు అనే అర్థం వస్తుంది. తమాషా ఏమిటంటే వీరనారి అనే మాటకు ఈ అడ్డు లేదు, ‘లెజెరొఈన్’ అనే పలుకుతారు. గుర్తుపట్టడానికి ఏకవచనపు ఆర్టికల్ చూడండి. ఆర్టికల్ చివరి అచ్చు పోయి అపాస్ట్రఫీ వస్తే లియేజోఁ ఉంటుంది, ఆర్టికల్ పూర్తిగా మిగిలితే ఉండదు. డిక్షనరీల్లో ఈ రెండో రకం హెచ్ ముందు నక్షత్రం గానీ అపాస్ట్రఫీ గానీ పెడతారు. పదకొండు అనే ‘ఓఁజ్’కు హెచ్ లేకపోయినా ఇదే పద్ధతి. తారీఖులు, ఆర్డర్ నంబర్లు చదివేటప్పుడు జాగ్రత్త.

ఇలా విడిగా పలకాల్సినచోట తెలుగువాళ్లకు వచ్చే ఇబ్బంది ఒకటుంది. రెండు అచ్చుల మధ్య మనకు యడాగమం అలవాటు. ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ అన్నంత సులువుగా ‘లె అరికో’ కాస్తా ‘లెయరికో’ అయిపోతుంది. మనకు వినబడదు, ఫ్రెంచ్ చెవికి వినబడుతుంది. రికార్డు చేసుకుని సగం వేగంతో వింటే ఆ ‘య’ పట్టుబడుతుంది. మధ్యలో ఊపిరి తెంపకుండా, గొంతు బిగించకుండా, ఒక అచ్చు నుంచి ఇంకో అచ్చుకు నేరుగా వెళ్లాలి.

మీరు చెయ్యబోయే ఉద్యోగంలో లియేజోఁ తప్పితే విషయమే మారిపోయే సందర్భాలుంటాయి. పార్సిళ్ల గురించి అడిగిన కస్టమర్‌కు ‘అవి రేపు వస్తాయి’ అనాలంటే ‘ఇల్‌జారీవ్ దెమ్యాఁ’. జ మరిచిపోతే ‘ఇలారీవ్’ అవుతుంది, అంటే ఒకటే వస్తుందని. క్రియ రాతలో మారుతుంది కానీ చెవికి మారదు. బహువచనం చెప్పేది ఆ జ ఒక్కటే.

డబ్బు లెక్కలు మరీ ముఖ్యం. రెండు యూరోలు ‘దొజొరో’, ఇరవై యూరోలు ‘వ్యాఁతొరో’, వంద యూరోలు ‘సాఁతొరో’, రెండు వందల యూరోలు ‘దొసాఁజొరో’. వందకు త, వందలకు జ, ఎందుకంటే వందలకు రాతలో ఎస్ చేరింది. ఇరవైకి త పలికితే, నాలుగు ఇరవైలుగా చెప్పే ఎనభైకి మాత్రం జ వస్తుంది: ‘కత్ర్ వ్యాఁజొరో’. నాలుగు యూరోల దగ్గర మాత్రం జ రాకూడదు, ఆ సంఖ్య చివర ఎస్ లేదు. యూరోల ముందు జ వినీవినీ అన్నిటికీ తగిలించేవాళ్లు చాలామంది. ఒకటి నుంచి ఇరవై దాకా, తర్వాత పదులు, వందలు, యూరోలతోనూ ఏళ్లతోనూ గట్టిగా చదవండి. వారం రోజుల్లో నోరు తిరుగుతుంది.

ఇక చేసినా చెయ్యకపోయినా తప్పు కాని చోట్లున్నాయి. ‘నేను వెళ్లాను’ అనే వాక్యంలో ‘స్వి’ చివరి ఎస్‌ను ‘అలే’తో కలిపి ‘జె స్విజాలే’ అనొచ్చు, ‘జె స్వి అలే’ అనీ అనొచ్చు. బహువచన నామవాచకం వెనక విశేషణం వచ్చినా అంతే. ప్రసంగాల్లో, వార్తల్లో ఇలాంటివి ఎక్కువ కలుపుతారు, మామూలు మాటల్లో చాలామటుకు వదిలేస్తారు. ఈ మూడు నెలలూ మీరు వీటిని వదిలేయండి. వదిలేస్తే మామూలు మాటలా ఉంటుంది, కానీ కలపడం అలవాటైతే కలపకూడని చోటికీ చెయ్యి సాగుతుంది.

సాధనకు ఆర్‌ఎఫ్‌ఐ రేడియోవాళ్ల ‘జూర్నాల్ ఆఁ ఫ్రాఁసె ఫసీల్’ మంచిది. పది నిమిషాల వార్తలు, రాతప్రతి కూడా దొరుకుతుంది. రాతప్రతిలో ఒక పేరా తీసుకుని, వినకముందే, కలపాల్సినచోట పదాల కింద వంపుగీత, కలపకూడనిచోట నిలువుగీత పెట్టండి. తర్వాత విని సరిచూసుకోండి. మీరు ఏ గీతా పెట్టనిచోట వార్తలు చదివేవారు కలిపితే కంగారు పడకండి, అది ఐచ్ఛికమై ఉంటుంది. నిలువుగీత పెట్టినచోట కలిపితే మాత్రం ఆగి, ఆ రెండు పదాల సంబంధం ఏమిటో చూడండి. ఎక్కువసార్లు మీరే విశేషణం స్థానాన్ని పొరబడి ఉంటారు.

బీ2 డెల్ఫ్ కూడా రాద్దామనుకుంటే, దీని గురించి అక్కడ అంత టెన్షన్ అక్కర్లేదు. నాలుగు విభాగాలకు 25 చొప్పున 100 మార్కులు, పాస్‌కు 50, ఏ విభాగంలోనూ 5 కన్నా తగ్గకూడదు. మాట్లాడే 25లో ఉచ్చారణ ఒక భాగం మాత్రమే. విని అర్థం చేసుకునే విభాగంలోనే లియేజోఁ ఎక్కువ అక్కరకొస్తుంది, ‘ఇల్‌జోఁ’, ‘ఇల్‌సోఁ’ల తేడా వినబడకపోతే జవాబే తప్పుతుంది. ఫోన్ ఇంటర్వ్యూలో మాత్రం ముఖం కనబడదు, మాటే వినబడుతుంది. అందుకని స్వపరిచయం ఎనిమిది పది వాక్యాల్లో రాసుకుని, పైన చెప్పినట్టు గీతలు పెట్టి, మీ ఫ్రెంచ్ టీచర్‌తో ఒకసారి సరిచూయించుకోండి. ఆ తర్వాతే బట్టీ పట్టండి. గీతలు సరిచూడకుండా బట్టీ పట్టిన తప్పును తర్వాత వదిలించుకోవడానికే నెల పడుతుంది.