పాత ప్రొఫెసర్‌ని సిఫారసు లేఖ అడగడం

"పర్లాకిమిడిలో బీఎస్సీ బోటనీ చేశాను. సార్‌తో మాట్లాడి మూడేళ్లయింది. ఎమ్మెస్సీకి సిఫారసు లేఖ కావాలి, మెసేజ్ ఎలా పెట్టాలి?"

ముందు అప్లికేషన్‌లో సార్ ఈమెయిల్ ఎక్కించకండి. చాలా పోర్టళ్లు ఆయనకు వెంటనే లింకు పంపేస్తాయి. అడక్కుండానే పేరిచ్చారని నొచ్చుకుంటారు. ఇలా రాయండి:

"నమస్కారం సార్. 2022 బ్యాచ్ బోటనీ, (మీ పేరు). మహేంద్రగిరి మొక్కల ప్రాజెక్టు మీ దగ్గరే చేశాను. ఎమ్మెస్సీకి సిఫారసు లేఖ ఇవ్వగలరా? గడువు నవంబరు 20, పోర్టల్‌లోనే అప్‌లోడ్ చేయాలి. నేను హెర్బేరియం షీట్లు తయారుచేసిన తీరు, ఫైనలియర్ సెమినార్ ప్రస్తావిస్తే చాలు. మార్కుల జాబితా, రెజ్యూమె జతచేశాను. కుదరకపోయినా పర్వాలేదు సార్."

సార్ ఒడియా ఆయనైతే ఇదే ఇంగ్లీషులో పెట్టండి. "మంచి విద్యార్థి" అని రాయమనకండి, అది అందరికీ రాసేదే. సరేనన్నాకే ఈమెయిల్ ఎక్కించి, గడువుకు నాలుగు రోజుల ముందు ఒక్కసారి గుర్తుచేయండి.