ఏర్పాటు, రిజర్వు: తేడా ఎక్కడ?

"సంశయాత్మక బాకీల ఏర్పాటు, సాధారణ రిజర్వు రెండూ లాభం నుంచే తీస్తాం కదా, తేడా ఏమిటి? మూలధన రిజర్వు మళ్లీ వేరా?"

పొరపాటు "లాభం నుంచే" అనుకోవడంలో ఉంది.

1. ఏర్పాటు, లాభం తేలకముందే లెక్కించే ఖర్చు. ఋణగ్రస్తులు రూ.2,00,000 ఉంటే, తొలి ఏడాది 5 శాతం చొప్పున రూ.10,000 లాభనష్టాల ఖాతాకు డెబిట్ చేయాలి. నష్టం వచ్చినా ఇది తప్పదు.

2. రిజర్వు, ఆ తరువాత తేలిన నికర లాభంలో పక్కన పెట్టే భాగం. పాత పుస్తకాల్లో "సంశయాత్మక బాకీల రిజర్వు" అని కనిపించినా అది ఏర్పాటే.

3. చాలామంది వదిలేసే మెట్టు, లాభం ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం. మామూలు వ్యాపారం నుంచి వచ్చినదైతే సాధారణ రిజర్వులాంటి రాబడి రిజర్వు అవుతుంది, డివిడెండుకు పనికొస్తుంది. మూలధన లావాదేవీ నుంచి వచ్చినదైతే మూలధన రిజర్వు అవుతుంది. ఉదాహరణకు, రూ.4 చెల్లించాక జప్తయిన రూ.10 వాటాను పూర్తిగా చెల్లించినదిగా రూ.8కి తిరిగి జారీ చేస్తే, జప్తయిన రూ.4లో తగ్గింపు రూ.2 పోను మిగిలిన రూ.2 మూలధన రిజర్వుకు వెళ్తుంది. దీన్ని సాధారణంగా డివిడెండుగా పంచరు.